యోసెమిటీ లోయలో మూడు రోజులు: నడకదారి బోర్డును ఫొటో తీసి చదవడం ఎలా

కాలిఫోర్నియాలో పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలను యోసెమిటీ జాతీయ పార్కుకు తీసుకెళ్లడం తెలుగు ఇళ్లలో మామూలైపోయింది. ఫ్రీమాంట్ నుంచో శాన్‌హోసే నుంచో నాలుగు గంటల ప్రయాణం. లోయలోకి దిగి షటిల్ బస్సెక్కి, ఎక్కడో ఒక చోట దిగగానే ఎదురుగా గోధుమరంగు బోర్డు ఉంటుంది. దాని మీద దారుల పేర్లు, మైళ్లు, అడుగులు, గంటలు, దారి ఎంత కష్టమో చెప్పే గ్రేడు, అంటే ఓ మోస్తరైతే మోడరేట్ అనో బాగా కష్టమైతే స్ట్రెన్యువస్ అనో ఒక మాట, కింద ఎర్ర అక్షరాల హెచ్చరికలు, పక్కన పిన్నుతో గుచ్చిన ఒక కాగితం. చాలామంది దాని ముందు నిలబడి ఫొటో దిగుతారు కానీ బోర్డును విడిగా ఫొటో తీసుకోరు. లోయలో చాలా చోట్ల ఫోను సిగ్నల్ అందదు. దారి మధ్యలో రెండుగా చీలిన చోట, ఇంటర్నెట్ లేనప్పుడు, చేతిలో మిగిలేది ఆ ఫొటో ఒక్కటే.

ఆ బోర్డును ఎలా చదవాలో ఒక కుటుంబం లెక్కతో చూద్దాం. తాతయ్యకు 66 ఏళ్లు, కుడి మోకాలు నొప్పి. అమ్మమ్మకు 61, గుంటూరులో రోజూ పొద్దున్నే నడిచే అలవాటుంది. కూతురు, అల్లుడు, ఏడేళ్ల మనవడు. జూన్ మొదటి వారం. మంచు కరిగి జలపాతాలు నిండుగా దూకే కాలమది, జారిపడే ప్రమాదం ఎక్కువగా ఉండే కాలం కూడా అదే.

మొదటి రోజు: బోర్డు చదవడం, చిన్న నడక

మధ్యాహ్నానికి లోయ చేరితే ఆ రోజుకు పెద్ద నడక పెట్టుకోవద్దు. షటిల్‌లో 16వ స్టాపు, హ్యాపీ ఐల్స్ దాకా వెళ్లి, మర్నాడు నడవబోయే మిస్ట్ ట్రెయిల్ బోర్డును ఆ సాయంత్రమే చూసి రావాలి. పొద్దున పూట జనం తోసుకుంటూ ఉంటే నింపాదిగా చదవడం కుదరదు.

ఫొటోలు మూడు తీయాలి. బోర్డు మొత్తం ఒకటి. అంకెలున్న భాగానికి దగ్గరగా ఒకటి. గుచ్చిన కాగితానికి, దాని మీది తేదీ కనిపించేలా, ఇంకొకటి. బోర్డుకు పైన అద్దం గానీ మెరిసే పూత గానీ ఉంటే ఎదురుగా నిలబడి తీసినప్పుడు ఆకాశం ప్రతిబింబం పడి అంకెలు మాయమవుతాయి. ఒక పక్కకు జరిగి, ఫ్లాష్ ఆపి తీయాలి. తీశాక అక్కడే పెద్దది చేసి చూసుకోవాలి. 1.2 అన్నది 12గా కనిపిస్తే దాంతో ప్రయోజనం లేదు. ఇద్దరు పెద్దవాళ్ల ఫోన్లలో అయినా ఆ ఫొటోలు ఉండాలి, ఎందుకంటే మర్నాడు కుటుంబం రెండుగా విడిపోయే అవకాశం ఉంది.

ఇక అంకెలు. మిస్ట్ ట్రెయిల్ గురించి పార్కు వాళ్లు ఇచ్చే లెక్క ఇలా ఉంటుంది. వెర్నల్ ఫాల్ వంతెన దాకా వెళ్లి రావడానికి 1.6 మైళ్లు, ఎక్కే ఎత్తు 400 అడుగులు, గంట నుంచి గంటన్నర. వెర్నల్ జలపాతం పైదాకా వెళ్లి రావడానికి 2.4 మైళ్లు, 1,000 అడుగులు, మూడు గంటలు. నెవాడా జలపాతం పైదాకా 5.4 మైళ్లు, 2,000 అడుగులు, ఐదారు గంటలు. వంతెన వరకు మోడరేట్, ఆపైన స్ట్రెన్యువస్. మైలుకు 1.6 కిలోమీటర్లు, వెయ్యి అడుగులకు దాదాపు 300 మీటర్లు అనుకుంటే సరిపోతుంది.

ఇక్కడ అందరూ పొరపడే చోటు ఒకటుంది. ఈ లెక్కలో మైళ్లు రానూపోనూ కలిపినవి. కానీ దారిలో చీలికల దగ్గర ఇనప రేకులో అక్షరాలు కత్తిరించి పాతిన చిన్న గుర్తులుంటాయి. వాటి మీది మైళ్లు అక్కడి నుంచి ఆ చోటికి, ఒకవైపువి. హ్యాపీ ఐల్స్ దగ్గరి బోర్డు మీద జాన్ మ్యూర్ ట్రెయిల్‌లో మౌంట్ విట్నీకి 211 మైళ్లని రాసి ఉండటం పేరుమోసిన సంగతి, అది కూడా ఒకవైపు దూరమే. కాబట్టి ఫొటోలో ప్రతి అంకె పక్కన ‘రౌండ్ ట్రిప్’ అని ఉందా, ‘వన్ వే’ అని ఉందా, ఏదీ లేదా అన్నది ముందు చూడాలి. ఏదీ లేకపోతే ఒకవైపు దూరమనే అనుకుని రెట్టింపు చేసుకోండి. అలా అనుకుని పొరబడితే త్వరగా తిరిగొస్తారు, అంతే. అటు తిప్పి పొరబడితే చీకటి పడుతుంది.

రెండో సంగతి, ఆ దూరం ఎక్కడి నుంచి మొదలవుతుంది? దారి మొదలయ్యే చోటి నుంచి, కారు ఆపిన చోటి నుంచి కాదు. హ్యాపీ ఐల్స్ కోసం కారు ఆపే స్థలం దారి మొదటికి అర మైలు దూరంలో ఉంటుంది. కారులో వస్తే 2.4 మైళ్ల నడక 3.4 అవుతుంది. మోకాలి నొప్పి ఉన్న మనిషికి ఆ ఒక్క మైలు చిన్నది కాదు. అందుకే తాతయ్య ఉన్న కుటుంబం షటిల్‌లోనే రావాలి.

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది, ఎక్కే ఎత్తు. వెర్నల్ పైదాకా ఒకవైపు 1.2 మైళ్లలో 1,000 అడుగులు అని ఒకే ముక్కగా చదివితే దారి అంతటా ఒకేలా ఎక్కుతుందనిపిస్తుంది. రెండు వరుసలూ పక్కపక్కన పెట్టి, ఒకదాంట్లోంచి ఒకటి తీసేయండి. మొదటి 0.8 మైలులో 400 అడుగులు. మిగిలిన 0.4 మైలులో 600 అడుగులు. అంటే దూరంలో మూడో వంతే ఉన్న చివరి ముక్కలో ఎత్తులో సగానికి పైగా ఉంది. మొదటి ముక్కలో ప్రతి వంద అడుగుల నడకకు తొమ్మిది పది అడుగులు పైకి వెళ్తాం. చివరి ముక్కలో దాదాపు 28 అడుగులు. బోర్డు మీద మోడరేట్ అన్న మాట స్ట్రెన్యువస్‌గా మారేది సరిగ్గా ఆ వంతెన దగ్గరే. ఆ చివరి ముక్కలో 600కు పైగా రాతి మెట్లున్నాయి. ఒక్కో మెట్టు ఒక్కో ఎత్తు, కొన్ని మోకాలి దాకా వస్తాయి, మే, జూన్ నెలల్లో జలపాతం తుంపరతో అన్నీ తడిసే ఉంటాయి.

తిరుమల శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు ఎక్కిన వాళ్లకు 600 మెట్లంటే ఏముందిలే అనిపిస్తుంది. తేడా ఏమిటంటే, కొండ మీదికి నడిచిన వాళ్లలో చాలామంది దర్శనం చేసుకుని బస్సులో కిందికి వస్తారు. ఇక్కడ పైన బస్సు లేదు. ఎక్కిన ప్రతి మెట్టూ తడి రాయి మీద దిగాలి. మోకాళ్లకు అసలు పరీక్ష దిగడంలోనే. బోర్డు మీది గ్రేడు ఎక్కడాన్ని గురించి చెప్పినంతగా దిగడాన్ని గురించి చెప్పదు.

గ్రేడు అన్న మాట ఆరోగ్యంగా, ఓ మోస్తరు నడక అలవాటున్న పెద్దవాళ్లను దృష్టిలో పెట్టుకున్నది. వయసు, మోకాలు, భుజాన పిల్లవాణ్ని ఎత్తుకోవడం దాని లెక్కలో లేవు. మన ఇంటివాళ్ల నడక వేగం ఎంతో తెలుసుకోవడానికి మొదటి రోజు సాయంత్రం లోయర్ యోసెమిటీ ఫాల్ చుట్టుదారి చక్కగా పనికొస్తుంది. 6వ స్టాపు దగ్గర దిగితే ఒక మైలు చుట్టు, ఈజీ గ్రేడు, అరగంట అని బోర్డు చెప్తుంది. గడియారం చూసి నడవండి. ఫొటోలకు ఆగిన సమయం తీసేయండి. ఈ కుటుంబానికి 45 నిమిషాలు పట్టిందనుకుందాం. అంటే బోర్డు సమయానికి ఒకటిన్నర రెట్లు. మర్నాడు మూడు గంటలని రాసి ఉన్నదాన్ని నాలుగున్నర గంటలుగా చదువుకోవాలి. చదును నేల మీదే ఒకటిన్నర రెట్లు పడితే మెట్ల మీద అంతకంటే కాస్త ఎక్కువే పట్టొచ్చు, తక్కువ మాత్రం పట్టదు.

రాత్రికి కారు సంగతి. చీకటి పడ్డాక తెల్లారేవరకు కారులో తినేవేవీ ఉంచకూడదు, అది నియమం. బస చేసే చోట్ల, కార్లు ఆపే చోట్ల ఇనప పెట్టెలుంటాయి, వాటిలో పెట్టాలి. మనవాళ్లు ఆవకాయ సీసా, అరిసెల డబ్బా గుర్తుపెట్టుకుని తీస్తారు కానీ కొబ్బరినూనె, టూత్‌పేస్టు, పిల్లవాడి సీటు కింద పడిన బిస్కెట్ ముక్కలు మర్చిపోతారు. వాసన వచ్చేదేదైనా ఎలుగుబంటికి తిండే. కారు తలుపును డబ్బా మూతలా వంచేయగలదది.

రెండో రోజు: వంతెన దాకా అందరూ, పైకి కొందరు

బయల్దేరే ముందు నిన్నటి ఫొటోలో కాగితం తేదీ చూసుకుని, బోర్డు దగ్గర కొత్త కాగితం ఏదైనా వేశారేమో మళ్లీ చూడాలి. అచ్చువేసిన బోర్డు ఏళ్ల తరబడి ఉండేది, కాగితం ఈ వారానిది. రెండూ రెండు మాటలు చెప్తే కాగితం మాటే చెల్లుతుంది. కాగితం లేదంటే దారి తెరిచే ఉందనుకోవడం కూడా సరికాదు, గాలికి ఊడిపోయి ఉండొచ్చు. బసలో వైఫై ఉన్నప్పుడే nps.gov/yose లో ఆ రోజు పరిస్థితులు చూసుకోవడం మంచిది.

మూసివేతల్లో రకాలున్నాయి, వాటిని విడివిడిగా అర్థం చేసుకోవాలి. మొదటిది చలికాలపు మూసివేత. వెర్నల్ వంతెన దాటాక ఉన్న మెట్లదారి మీద చలికాలంలో తుంపర గడ్డకట్టి మంచుపలకగా మారుతుంది, పైనుంచి మంచుగడ్డలు, రాళ్లు పడతాయి. అప్పుడు గేటు వేసేస్తారు. వెర్నల్ పైకి వెళ్లాలంటే జాన్ మ్యూర్ ట్రెయిల్ మీదుగా క్లార్క్ పాయింట్ చేరి, అక్కణ్నుంచి కిందికి దిగాలి. దాన్నే బోర్డు మీద వింటర్ రూట్ అని రాస్తారు. క్లార్క్ పాయింట్ నుంచి నెవాడా జలపాతానికి వెళ్లే ముక్క కూడా చలికాలంలో మూతే, అక్కడ కొండరాతిని చెక్కి వేసిన దారి మీద మంచు పేరుకుంటుంది. డిసెంబరు సెలవుల్లో వచ్చేవాళ్లు వేసవి ఫొటోలు చూసి వేసుకున్న లెక్కలు ఇక్కడే తప్పుతాయి. వింటర్ రూట్‌లో దూరమూ ఎక్కువే, ఎత్తూ ఎక్కువే.

రెండో రకం, పని జరుగుతున్నందువల్లో రాయి పడినందువల్లో తాత్కాలికంగా మూయడం. అందులో గంటలు రాసి ఉంటాయి, అవి చదవాలి. ఫలానా సమయంలోనే మూత అని ఉంటే పైకి వెళ్లేటప్పుడు తెరిచి ఉన్న దారి దిగి వచ్చేసరికి మూసి ఉండొచ్చు. మూడో రకం దారి మూయడం కాదు, అనుమతి ఉన్నవాళ్లకే తెరవడం. హాఫ్ డోమ్ అనే కొండ శిఖరం అలాంటిది. 14 నుంచి 16 మైళ్లు, 4,800 అడుగులు, పది పన్నెండు గంటలు. చివర ఇనప తాళ్లు పట్టుకుని నున్నటి బండ మీద ఎక్కాలి. ఆ తాళ్లు మే చివర నుంచి అక్టోబరు మధ్య దాకా నిలబెడతారు, ఆ రోజుల్లో లాటరీలో పర్మిట్ దొరికితేనే పైకి పంపుతారు. మన బోర్డు మీద దాని పేరు కూడా అదే వరుసలో కనిపిస్తుంది కాబట్టి ‘ఇంకాస్త నడిస్తే అదీ చూసేయొచ్చుగా’ అనిపిస్తుంది. ఈ కుటుంబానికి ఆ వరుస లేనట్టే లెక్క.

పొద్దున ఏడున్నరకు నడక మొదలుపెట్టాలి. ఎండకంటే జనం కారణంగా. పది దాటాక మెట్ల మీద ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ ఒకే ఇరుకులో తారసపడతారు, తడి మెట్టు మీద పక్కకు జరిగి దారి ఇవ్వాల్సి వస్తుంది. అక్కడే కాలు జారేది.

పెద్దవాళ్లకు మనిషికి రెండు లీటర్ల నీళ్లు, పిల్లవాడికి లీటరు. దారిలో నది పక్కనే ఉన్నా ఆ నీళ్లు అలాగే తాగకూడదు. స్ఫటికంలా కనిపించినా అందులో జియార్డియా అనే కడుపు జబ్బు క్రిమి ఉండొచ్చు. తినడానికి ఉప్పు తగిలేవి ఉండాలి, పులిహోర పొట్లాలు, జంతికలు బాగా పనికొస్తాయి. ఉడతలు మాత్రం మనిషిని చూసి భయపడవు, సంచి పక్కన పెడితే జిప్పు కొరికేస్తాయి. వాటికి పెట్టడం నిషేధం, చేతిలోంచి పెడితే కరుస్తాయి. సంచి ఎప్పుడూ చేతికి అందేంత దూరంలోనే ఉండాలి.

చెప్పులు వద్దు. అరిగిపోయిన నడక బూట్లు కూడా వద్దు. ఇక్కడి గ్రానైట్ లక్షల కాళ్ల కింద నలిగి అద్దంలా నున్నబడింది, ఎండగా ఉన్నప్పుడు కూడా పైన సన్నటి ఇసుక ఉంటే జారుతుంది. అడుగు భాగంలో గాడులు లోతుగా ఉన్న బూట్లు కావాలి. వానకోటు వేసుకోవాలి, జూన్ మొదటి వారంలో మెట్ల మీద వాన పడ్డట్టే తడుస్తారు. ఫోను జిప్పు కవరులో పెట్టుకోవాలి.

మొదటి 0.8 మైలు తారు వేసిన దారే. చూస్తే పిల్లల తోపుడుబండి తోసుకుపోవచ్చనిపిస్తుంది. కానీ ముందే వేసుకున్న లెక్క ప్రకారం ఇది వందకు తొమ్మిది పది అడుగుల వాలు, చక్రాల కుర్చీల కోసం కట్టే ర్యాంపుకంటే ఎక్కువ. పైగా మధ్యలో కాస్త దిగుడు కూడా ఉంది. పైకి తోయడం ఒక కష్టం, దిగేటప్పుడు బండిని పట్టి ఆపడం అంతకంటే పెద్ద కష్టం. తాతయ్య లాంటి వాళ్లు పది నిమిషాలకొకసారి ఆగి, మాట్లాడుతూ నడిచేంత వేగంలోనే వెళ్లాలి. మాట మధ్యలో ఊపిరి తెగుతుంటే వేగం తగ్గించాలి. లోయ నేల 4,000 అడుగుల ఎత్తులో ఉంది కాబట్టి ఎత్తువల్ల వచ్చే జబ్బుకు పెద్దగా భయం లేదు, ఆయాసం వస్తే అది ఎక్కుడువల్లే.

ఈ లెక్కన వంతెన చేరేసరికి ఎనిమిదిన్నర. అక్కణ్నుంచే వెర్నల్ జలపాతం నిండుగా కనిపిస్తుంది. దగ్గరలో మరుగుదొడ్లున్నాయి, వేసవిలో తాగునీళ్లు కూడా దొరుకుతాయి. బోర్డు మీద గ్రేడు మారే చోటు ఇదే కాబట్టి నిర్ణయమూ ఇక్కడే.

తాతయ్య ఇక్కడితో ఆగాలి. ఆయనకు ఆ మాట ఎలా చెప్పాలన్నది కూడా ఆలోచించాల్సిందే. ‘నాన్నా, నువ్వు ఎక్కలేవు’ అంటే పంతానికైనా ఎక్కుతానంటారు. ‘నాన్నా, ఎక్కడం ఎలాగైనా ఎక్కుతావు, దిగడానికి తడి మెట్లు ఆరువందలున్నాయి, చూడు’ అని ఫొటో చూపిస్తే వింటారు. అంకె తన ముందుంటే ఆయనే లెక్కేసుకుంటారు. అమ్మమ్మ పైకి వెళ్లగల మనిషే, కానీ తాతయ్యను ఒక్కణ్నే వదలకూడదు. ఫోన్లు పనిచేయని చోట ఎవరూ ఒంటరిగా ఉండకపోవడమే మంచిది. కాబట్టి అమ్మమ్మ, తాతయ్య వంతెన దగ్గర, మిగతా ముగ్గురు పైకి.

విడిపోయే ముందు నాలుగు మాటలు తేల్చుకోవాలి. వంతెన దగ్గరున్న వాళ్లు ఆ చోటు కదలరు. పైకి వెళ్లినవాళ్లు ఎక్కడున్నా సరే పదింబావుకు వెనక్కి తిరుగుతారు, పైన అంచు పది నిమిషాల దూరంలో కనిపిస్తున్నా సరే. పన్నెండు దాటినా రాకపోతే అమ్మమ్మ, తాతయ్య కిందికి దిగి షటిల్ స్టాపు దగ్గర కూర్చుంటారు, వాళ్లను వెతుక్కుంటూ పైకి ఎక్కరు. బస తాళంచెవి ఒకటి వాళ్ల దగ్గరే ఉంటుంది. ఇలాంటివి చెప్పుకోకపోవడంవల్లే ఒకరి కోసం ఒకరు వేర్వేరు దారుల్లో వెతుక్కుంటూ సాయంత్రం దాకా తిరిగే కుటుంబాలు ఉంటాయి.

మెట్ల మీద పిల్లవాడు కొండవైపు నడవాలి, పెద్దవాళ్లు నదివైపు. అల్లుడు ఎక్కేటప్పుడు వాడి వెనక, దిగేటప్పుడు వాడి ముందు ఉండాలి, ఎప్పుడైనా వాడికంటే కింది మెట్టు మీద పెద్దమనిషి ఒకరు ఉండటం కోసం. మామూలు నడకదారుల్లో పిల్లవాణ్ని ముందు పరుగెత్తనిస్తారు, ఇది అలాంటి దారి కాదు. చివర కొండరాతి అంచున కమ్మీలు పట్టుకుని వెళ్లే ఇరుకు ఉంది, అక్కడ దిగేవాళ్లు దాటిపోయేదాకా ఆగి, ఒక్కొక్కరుగా వెళ్లాలి.

వెర్నల్ ఎత్తు 317 అడుగులు. పైన బండ విశాలంగా, ఎండలో వెచ్చగా ఉంటుంది. అంచున ఇనప కమ్మీ. బోర్డు మీది భద్రతా వాక్యాల్లో మొట్టమొదట చదవాల్సింది ఈ చోటు గురించే: కమ్మీ దాటవద్దు, జలపాతానికి ఎగువన నీళ్లలో దిగవద్దు. కొంచెం పైన ఎమరాల్డ్ పూల్ అని పచ్చగా, నిశ్చలంగా కనిపించే మడుగు, దానికి పైన సిల్వర్ ఏప్రన్ అని నున్నటి బండ మీద జారే నీళ్లు ఉంటాయి. మడుగు నిలకడగా కనిపించడమే మోసం. ఆ నీళ్లు కొద్ది దూరంలో 317 అడుగులు దూకబోతున్నవి. అప్పుడే కరిగిన మంచునీళ్లు కాబట్టి దిగిన నిమిషాల్లో చేతులు మొద్దుబారి పట్టు పోతుంది, కింద బండకు నాచు. 2011 జూలైలో కమ్మీ దాటి నీళ్లలోకి వెళ్లిన ముగ్గురు ప్రవాహంలో కొట్టుకుపోయి చనిపోయారు. పిల్లవాడు ‘ఒక్కసారి కాళ్లు కడుక్కుంటాను’ అన్నా, అదీ ఇక్కడ కాదు.

పైన అరగంట చాలు. నెవాడా జలపాతం అక్కణ్నుంచి ఊరిస్తుంది. బోర్డు లెక్క ప్రకారం అది ఇంకో 1.5 మైళ్లు, ఇంకో 1,000 అడుగులు, ఒకవైపు. ఒకటిన్నర రెట్లు లెక్కేస్తే ఈ కుటుంబానికి మొత్తం ఎనిమిది తొమ్మిది గంటల పని. కింద ఇద్దరు ఎదురుచూస్తున్నారు. కాబట్టి కాదు.

దిగడానికి రెండు దారులు. వచ్చిన మెట్లదారే దగ్గర, కానీ తడి, ఎదురుగా జనం. రెండోది, క్లార్క్ పాయింట్ దాకా ఇంకో 400 అడుగులకు పైగా ఎక్కి, అక్కణ్నుంచి జాన్ మ్యూర్ ట్రెయిల్ వంకరల మీదుగా వంతెన పక్కకు దిగడం. మైలుకు పైగా ఎక్కువ నడక, కానీ మెట్లు లేవు, పొడి నేల, మోకాలికి హాయి. కూతురికో అల్లుడికో మోకాలు పట్టేస్తే రెండోదే మేలు. ఏడేళ్ల పిల్లవాడితో అయితే ఈ రోజు మెట్లదారిలోనే, నింపాదిగా, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి దిగడం సరిపోతుంది. పదింబావుకు బయల్దేరితే పదకొండుంబావుకు వంతెన, పన్నెండున్నరకు అందరూ హ్యాపీ ఐల్స్ చేరతారు.

మూడో రోజు: తాతయ్య రోజు

ముందురోజు ఎక్కినవాళ్ల తొడలు ఇవాళ పట్టేసి ఉంటాయి, ఆగినవాళ్లు తాజాగా ఉంటారు. కాబట్టి మిర్రర్ లేక్. 17వ స్టాపు. సరస్సు దాకా వెళ్లి రావడానికి రెండు మైళ్లు, ఎక్కే ఎత్తు 100 అడుగులు, గంట. మైలులో వంద అడుగులంటే నిన్నటి వంతెన దారి ఎక్కుడులో ఐదో వంతే. తారు రోడ్డు మీదే నడవొచ్చు. ఈజీ అన్న మాటను ఇక్కడ తాతయ్య కూడా నమ్మొచ్చు.

బోర్డులో ఇంకో వరుస కూడా ఉంటుంది, సరస్సు దాటి చుట్టూ తిరిగొచ్చే ఐదు మైళ్ల దారి. దాని ఎత్తు పెద్దగా లేకపోయినా ఐదు మైళ్లంటే ఎనిమిది కిలోమీటర్లు. మోకాలి నొప్పి ఉన్నవాళ్లకు ఎత్తు ఒక్కటే కాదు, దూరం కూడా గ్రేడే. సరస్సు దగ్గరే ఆగి వెనక్కి రావాలి. ఈ నీళ్లలో హాఫ్ డోమ్ గోడ నీడ చూడాలంటే పొద్దున గాలి లేవకముందే చేరాలి. జూన్ మొదట్లో నీళ్లుంటాయి. వేసవి ముదిరితే ఇది ఎండి ఇసుక మేటగా, పచ్చికగా మారిపోతుంది, బోర్డు మీద మాత్రం పన్నెండు నెలలూ లేక్ అనే ఉంటుంది. యోసెమిటీ జలపాతం సంగతీ అంతే. ఆగస్టులో వచ్చే అమ్మానాన్నలకు అక్కడ తడి మరక తప్ప ఏమీ కనిపించకపోవచ్చు. పెద్దవాళ్ల టికెట్లు తీసేటప్పుడే ఇది చూసుకుంటే మే, జూన్‌లలో తీసుకురావచ్చు.

మధ్యాహ్నం ఇంకా ఓపిక ఉన్నవాళ్లు 7వ స్టాపు దగ్గరి అప్పర్ యోసెమిటీ ఫాల్ బోర్డు చూసి కొలంబియా రాక్ దాకా వెళ్దామంటారు. వెళ్లి రావడానికి రెండు మైళ్లు, 1,000 అడుగులు, రెండు మూడు గంటలు. రెండు మైళ్లే కదా, పొద్దున మిర్రర్ లేక్ కూడా రెండు మైళ్లే కదా అని మైళ్లు మాత్రం చూసేవాళ్లు ఇక్కడ దెబ్బతింటారు. మైళ్లు సమానం, ఎత్తు పదింతలు. పైగా ఈ గోడ దక్షిణానికి తిరిగి ఉంటుంది, మధ్యాహ్నం పూట రాయి ఎండలో కాలి వేడి కక్కుతుంది. నిన్న వెర్నల్ ఎక్కిన కాళ్లతో, మధ్యాహ్నం ఒంటిగంటకు, ఇది వద్దు. వచ్చేసారి పొద్దున ఏడింటికి మొదలుపెట్టే నడక ఇది.

ఇంకో పేరు కూడా జనాన్ని తప్పుదారి పట్టిస్తుంది. ఫోర్ మైల్ ట్రెయిల్ నాలుగు మైళ్లు కాదు, ఒకవైపే 4.8 మైళ్లు. లోయ నుంచి, పైన కొండ అంచున ఉన్న గ్లేసియర్ పాయింట్‌కు 3,200 అడుగుల ఎక్కుడు, వెళ్లడానికే మూడు నాలుగు గంటలు. పైకి కారు రోడ్డు ఉంది కదా, అక్కడ దింపితే నడిచి దిగుతామని అనుకునేవాళ్లకు ఆ ఆలోచన బాగుంటుంది కానీ, 3,200 అడుగులు వరసగా దిగిన మోకాళ్లు మర్నాడు మెట్లు దిగనివ్వవు. ఈ కుటుంబం గ్లేసియర్ పాయింట్‌కు కారులోనే వెళ్లి, కారులోనే దిగాలి. ఆ రోడ్డు చలికాలంలో మూసి ఉంటుంది, చాలా ఏళ్లలో మే నెలాఖరుకు గానీ తెరవరు. మంచు ఎక్కువ పడిన ఏడాది జూన్‌లోకి కూడా జరుగుతుంది. బయల్దేరే ముందు 209-372-0200 కు ఫోను చేస్తే ఏ రోడ్లు తెరిచున్నాయో రికార్డు చేసిన గొంతు చెప్తుంది.

గ్లేసియర్ పాయింట్ నుంచి చూస్తే వెర్నల్, నెవాడా రెండూ ఒకదాని పైన ఒకటి కనిపిస్తాయి. ఫోనులో నిన్నటి బోర్డు ఫొటో తెరిచి, వంతెన ఎక్కడ, మెట్లు ఎక్కడ, తాము తిరిగిన చోటు ఎక్కడ అని పిల్లవాడికి చూపించొచ్చు. సాయంత్రం నాలుగు దాటేలోపు లోయ నుంచి బయటపడితే కొండ రోడ్డు మలుపులన్నీ వెలుతురులోనే దాటేయొచ్చు. బస ఖాళీ చేసేటప్పుడు ఇనప పెట్టెలో ఏమీ మిగల్లేదని లోపలిదాకా చెయ్యి పెట్టి చూసుకోవాలి, వెనక మూలన పెట్టిన సీసాలు బయటికి కనిపించవు.